డ్రైవ్ అందరిదైనా వాట్సాప్ బ్యాకప్ తాళంచెవి మీ ఒక్కరి దగ్గరే ఉండాలంటే

ప్రశ్న: మా ఇంట్లో ఎప్పుడో తెరిచిన ఒకే గూగుల్ అకౌంటు మూడు ఫోన్లలో, ఒక లాప్‌టాప్‌లో నడుస్తోంది. కాగితాలు, ఫోటోలు అన్నీ ఆ డ్రైవ్‌లోనే ఉంటాయి. నా వాట్సాప్ బ్యాకప్ కూడా అందులోకే వెళ్తోందని ఈమధ్యే చూశాను. సైజు 21 జీబీ చూపిస్తోంది. మా చెల్లెలితో మాట్లాడుకున్నవన్నీ మిగతావాళ్లు తెరిచి చదవగలరా? డిలీట్ చేద్దామంటే పాత మెసేజీలు పోతాయని భయం. ఏం చేయాలి?

సమాధానం: డ్రైవ్‌లోకి వెళ్లి ఆ బ్యాకప్ మీద నొక్కితే మెసేజీలు తెరుచుకోవు. మామూలు ఫైళ్ల మధ్య అది కనిపించదు. Storage పేజీలో Backups అనే చోట ఒక వరుసగా మాత్రమే ఉంటుంది. అక్కడ ఎవరైనా చేయగలిగేది, అది ఎప్పుడు తయారైందో చూడటం, లేదంటే డిలీట్ చేయడం. కాబట్టి ఇంట్లోవాళ్లు ఊరికే అటూ ఇటూ నొక్కుతూ మీ మాటలు చదివేస్తారన్న భయం అక్కర్లేదు.

అయితే తెరుచుకోకపోవడం వేరు, గట్టి తాళం ఉండటం వేరు. వాట్సాప్ మెసేజీలకు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉంటుందని అందరికీ తెలుసు. అది మీ ఫోన్ నుంచి మీ చెల్లెలి ఫోన్‌కు వెళ్లే దారికి సంబంధించింది. బ్యాకప్‌కు ఆ రక్షణ దానంతటది రాదు, మనమే ఆన్ చేసుకోవాలి. ఆన్ చేయని బ్యాకప్‌లో మెసేజీల ఫైలుకు ఒక తాళం ఉంటుంది కానీ, దాని చెవి వాట్సాప్ కంపెనీ దగ్గర ఉంటుంది. మీ నంబరుకు వచ్చిన ఎస్సెమ్మెస్ కోడ్‌ను ఎవరు కొడితే వాళ్ల ఫోన్‌కు వాట్సాప్ ఆ చెవి ఇచ్చేస్తుంది. అంటే మీ బ్యాకప్‌ను వేరే ఫోన్‌లోకి దించుకోవడానికి రెండే కావాలి: ఆ గూగుల్ అకౌంటు, మీ సిమ్‌కు వచ్చే 6 అంకెల కోడ్. మొదటిది మీ ఇంట్లో అందరి దగ్గరా ఇప్పటికే ఉంది. రెండోది మీ ఫోన్ ఒక్క నిమిషం చేతికి దొరికితే చాలు, చాలా ఫోన్లలో లాక్ తీయకుండానే నోటిఫికేషన్‌లో కనిపిస్తుంది. ఇక ఫోటోలు, వీడియోల సంగతి ఇంకా పలుచన. మెసేజీల ఫైలుకున్నపాటి తాళం కూడా వాటికి ఉండదు. అకౌంటు పాస్‌వర్డ్ తెలిసినవాళ్లు ప్రత్యేకమైన సాఫ్ట్‌వేర్‌తో వాటిని కంప్యూటర్‌లోకి దించుకోగలరు.

మీ నంబరును ఎవరైనా వేరే ఫోన్‌లో రిజిస్టర్ చేస్తే మీకు తెలియకుండా పోదు. మీ ఫోన్‌లో వాట్సాప్ అప్పటికప్పుడు లాగౌట్ అయి, నంబరు ఈ ఫోన్‌లో రిజిస్టర్ అయి లేదని చెబుతుంది. మీరు అడగకుండానే వాట్సాప్ కోడ్ ఎస్సెమ్మెస్‌గా రావడం దానికి ముందు కనిపించే గుర్తు. ఈ రెండూ ఎప్పుడూ జరగకపోతే ఇప్పటివరకు మీ బ్యాకప్‌ను వేరే ఫోన్‌లోకి ఎవరూ దించుకోలేదనే అనుకోవచ్చు.

బ్యాకప్ కన్నా ముందు చూడాల్సినవి రెండున్నాయి. అసలు మాటలు బయటపడేది ఎక్కువగా ఇక్కడి నుంచే. మొదటిది, ఎప్పుడైనా Export chat నొక్కి డ్రైవ్‌లో దాచుకున్న ఫైళ్లు. అవి బ్యాకప్‌లు కావు, మామూలు అక్షరాల ఫైళ్లు. ఎవరు నొక్కినా మొదటి మెసేజీ నుంచి చివరిదాకా తేదీలతో సహా చదువుకోవచ్చు. డ్రైవ్ వెతుకుడు పెట్టెలో ఇలా కొట్టి చూడండి.

```
title:"WhatsApp Chat"
```

ఫోన్ భాష ఇంగ్లిష్‌లో ఉన్నప్పుడు ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలు పేరు సాధారణంగా ఈ మాటలతోనే మొదలవుతుంది. దొరికితే, కావలసినదాన్ని మీ ఒక్కరికే చెందిన చోటికి దించుకుని, డ్రైవ్‌లోది తీసేయండి. తీసేసినది ట్రాష్‌లో 30 రోజులు ఉంటుంది కాబట్టి ట్రాష్‌ను కూడా ఖాళీ చేయాలి.

రెండోది గూగుల్ ఫోటోస్. వాట్సాప్‌లో వచ్చిన బొమ్మలు గ్యాలరీలో కనిపిస్తున్నాయంటే, వాటి ఫోల్డరు ఫోటోస్‌లోకి కూడా ఎక్కుతూ ఉండవచ్చు. అలా ఎక్కినవి ఆ అకౌంటు ఉన్న ప్రతి ఫోన్‌లోనూ తెరిచి ఉన్నట్టే. ఫోటోస్ యాప్ సెట్టింగ్స్‌లో Backup లోపల Back up device folders అని ఉంటుంది, అందులో WhatsApp Images, WhatsApp Video ఆపేయండి. వాట్సాప్‌లో Settings → Chats → Media visibility కూడా ఆపితే, ఇకమీద వచ్చే బొమ్మలు గ్యాలరీలోకే రావు. ఇప్పటికే ఎక్కినవి మాత్రం వాటంతటవి పోవు. వాటిని ఫోన్‌లోని ఫోటోస్ యాప్‌లో డిలీట్ చేస్తే ఫోన్‌లో ఉన్న అసలు బొమ్మ కూడా పోవచ్చు. అందుకని బ్యాకప్ పని అంతా పూర్తయ్యాక, లాప్‌టాప్‌లో photos.google.com తెరిచి, ఏది తీస్తున్నామో చూసుకుంటూ తీయండి. తొందరపడాల్సిన పని కాదిది.

ఇక బ్యాకప్ దగ్గరికి వద్దాం. దీన్ని ఏ వరసలో చేస్తామన్నది ముఖ్యం. ముందు తాళం వేయాలి, తర్వాత మీ సొంత అకౌంటుకు మార్చాలి, కొత్త బ్యాకప్ పూర్తయిందని కళ్లారా చూశాకే పాతదాన్ని డిలీట్ చేయాలి. మీ పాత మెసేజీలు ఇప్పుడు ఫోన్‌లోనే ఉన్నాయి కాబట్టి డ్రైవ్‌లోది తీసేసినంత మాత్రాన అవి పోవు. కానీ ముందే తీసేసి, కొత్తది తయారయ్యేలోపు ఫోన్ పాడైతే రెండూ లేనట్టే. మీ భయం నిజమయ్యేది ఆ ఒక్క సందర్భంలోనే.

తాళం వేయడం ఇలా. వాట్సాప్‌లో Settings → Chats → Chat backup → End-to-end encrypted backup తెరిచి, Turn on నొక్కండి. 2021 అక్టోబరు నుంచి ఈ సదుపాయం ఉంది. అక్కడ పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు, లేదా 64 అక్షరాల కీ తీసుకోవచ్చు. కొత్త వెర్షన్లలో వేలిముద్రతోనో ఫోన్ లాక్‌తోనో తెరుచుకునే పాస్‌కీ అనే మూడో దారి కూడా వచ్చింది. ఒక మనిషికి ఒక అకౌంటు ఉన్నప్పుడు పాస్‌కీ చాలా సుఖమైన పద్ధతి, ఏదీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. మీ పరిస్థితిలో మాత్రం నేను వద్దంటాను. పాస్‌కీ భద్రపరచుకునేది గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్‌లోనో, యాపిల్ కీచెయిన్‌లోనో. అదే అకౌంటు వేరే ఫోన్లలోనూ ఉంటే పాస్‌కీ అక్కడికీ చేరే వీలుంది. ఎవరి నుంచి దాచాలనుకున్నామో వాళ్ల ఫోన్లోకే చెవి పంపుకున్నట్టవుతుంది.

పాస్‌వర్డ్, 64 అక్షరాల కీ, ఈ రెండింట్లో మీకు పాస్‌వర్డే నయం. కీ అన్నది అంకెలు, a నుంచి f వరకు చిన్న అక్షరాలు కలిసిన పొడుగాటి వరస. అది వాట్సాప్ దగ్గర కూడా ఉండదు, అందువల్ల గట్టిదే. కానీ కాగితం మీద రాసుకునేటప్పుడు ఒక్క అక్షరం తప్పితే బ్యాకప్ తెరుచుకోదు. పాస్‌వర్డ్ పెట్టుకుంటే, అసలు కీ వాట్సాప్ నడిపే ప్రత్యేక భద్రతా యంత్రాల్లో ఉంటుంది. సరైన పాస్‌వర్డ్ కొట్టినప్పుడే అది బయటికి వస్తుంది, వాట్సాప్ ఉద్యోగులకు కూడా ఆ పాస్‌వర్డ్ తెలియదు. తప్పు పాస్‌వర్డులు వరసగా కొడుతూ పోతే ఒక హద్దు దాటాక ఆ కీ శాశ్వతంగా అందకుండా పోతుంది. అందువల్ల ఇంట్లో ఎవరైనా ఒక్కొక్కటే ఊహించి కొట్టి తెరవడం కుదరదు. ఊహకు అందని పాస్‌వర్డ్ మాత్రం మీరే పెట్టుకోవాలి. కనీసం 6 అక్షరాలు ఉంటే చాలునని వాట్సాప్ ఒప్పుకుంటుంది, కానీ పుట్టినరోజులు, ముద్దుపేర్లు, ఫోన్ నంబర్లు మీ ఇంట్లోవాళ్లే మొదట ప్రయత్నిస్తారు. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగైదు మాటలు కలిపి రాస్తే పొడుగు ఉంటుంది, గుర్తూ ఉంటుంది. ఆ గూగుల్ అకౌంటు పాస్‌వర్డును ఇక్కడ మళ్లీ వాడకండి.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది దీని తర్వాతే. పాస్‌వర్డో కీనో తెరమీద కనిపించగానే స్క్రీన్‌షాట్ తీసేస్తారు. ఆ స్క్రీన్‌షాట్ కాసేపట్లో గూగుల్ ఫోటోస్‌లోకి ఎక్కవచ్చు, అదే అకౌంటులోకి. లేదంటే గూగుల్ కీప్‌లో నోట్ రాస్తారు, తమకు తామే మెయిల్ పంపుకుంటారు, బ్రౌజరు అడిగితే సేవ్ నొక్కుతారు. అవన్నీ అందరూ తెరిచే అకౌంటులోనే ఉంటాయి. తలుపుకు తాళం వేసి చెవిని ఆ గొళ్లేనికే తగిలించి వెళ్లినట్టు. కాగితం మీద రాసి, మీరు మాత్రమే తీసే చోట పెట్టుకోండి. వేరే పాస్‌వర్డ్ మేనేజరు వాడే అలవాటు ఉంటే అందులో, దాన్ని కూడా ఉమ్మడి ఈమెయిల్‌తో తెరవలేదని చూసుకుని, దాచండి.

పాస్‌వర్డ్ మరిచిపోతే ఏమవుతుందన్నది ముందే తెలిసి ఉండాలి. మీ ఫోన్ మీ చేతిలో ఉండి, వాట్సాప్ తెరుచుకుంటున్నంతకాలం కంగారు లేదు. వేలిముద్రో ఫోన్ పిన్నో ఇచ్చి అదే చోట కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు. ఫోన్ పోయి, పాస్‌వర్డ్ కూడా గుర్తులేకపోతే ఆ బ్యాకప్ ఇక తెరుచుకోదు. వాట్సాప్‌ను అడిగినా, గూగుల్‌ను అడిగినా తీసివ్వలేరు. ఇందులోనే ఇంకో సంగతి ఇమిడి ఉంది. మీ ఫోన్ లాక్ పిన్ తెలిసినవాళ్లు కూడా అదే దారిన బ్యాకప్ పాస్‌వర్డ్ మార్చేయగలరు. ఇంట్లో అందరికీ తెలిసిన నాలుగంకెల పిన్ మీద ఈ పని అంతా నిలబడదు కాబట్టి, దాన్ని ముందు మార్చండి. వేలిముద్రల జాబితాలో మీవి కాకుండా ఇంకెవరివైనా చేర్చి ఉన్నాయేమో కూడా చూడండి.

Turn on నొక్కాక వాట్సాప్ కొత్త బ్యాకప్ తయారు చేయడం మొదలుపెడుతుంది. ఛార్జర్ పెట్టి, వైఫై మీద ఉంచండి. పూర్తయ్యాక అదే పేజీలో End-to-end encrypted backup పక్కన On అని కనిపించాలి, పైన తాజా తేదీ, సమయం ఉండాలి. తేదీ పాతదే ఉంటే ఎక్కించడం మధ్యలో ఆగిందని అర్థం. డ్రైవ్‌లో చోటు చాలకపోవడం, వైఫై తెగిపోవడం సాధారణంగా దొరికే కారణాలు. అది సరిచేసి Back up మళ్లీ నొక్కండి.

ఈపాటికి చదివే భయం తీరినట్టే. కానీ ఎన్‌క్రిప్షన్ చదవకుండా ఆపుతుందే తప్ప డిలీట్ చేయకుండా ఆపదు. డ్రైవ్ నిండిపోయిందని ఎవరో ఒకరు పెద్ద సైజువి ఏరి తీసేసే రోజు వస్తుంది, మీ 21 జీబీ అందరికన్నా ముందు కంటబడుతుంది. కాబట్టి బ్యాకప్‌ను మీ సొంత అకౌంటుకు మార్చడమే సరైన పని. ఉమ్మడి అకౌంటు మీ ఫోన్‌లో ఎప్పటిలాగే ఉండవచ్చు, దాన్ని మానేయనక్కర్లేదు. కొత్త గూగుల్ అకౌంటు ఒకటి తెరిచి, దానికి రికవరీ ఈమెయిల్‌గా ఉమ్మడి అకౌంటును ఇవ్వకండి. ఇస్తే కొత్త అకౌంటు పాస్‌వర్డును కూడా అక్కడి నుంచి మార్చే దారి తెరిచినట్టే. టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేయండి. తర్వాత Chat backup పేజీలోనే Google Account అన్న వరుస నొక్కి, Add account ద్వారా కొత్తదాన్ని ఎంచుకోండి.

ఇక్కడ సైజు అడ్డం వస్తుంది. ఉచిత గూగుల్ అకౌంటుకు 15 జీబీ చోటు ఉంటుంది, అందులోనే మెయిల్, ఫోటోలు, డ్రైవ్ అన్నీ పట్టాలి. ఒకప్పుడు ఆండ్రాయిడ్ వాట్సాప్ బ్యాకప్‌ను గూగుల్ ఈ లెక్కలోకి తీసుకునేది కాదు, ఇప్పుడు తీసుకుంటుంది. మీ 21 జీబీ అందులో పట్టదు. ముందు Chat backup పేజీలో Include videos ఆపి, సైజు ఎంతకు దిగిందో చూడండి. చాలామందికి బరువంతా వీడియోలదే. ఉదాహరణకు 21లో 13 జీబీ వీడియోలైతే మిగిలేది 8 జీబీ, 15లో హాయిగా పడుతుంది. వీడియోలు కూడా కావాలంటే Settings → Storage and data → Manage storage తెరవండి. 5 ఎంబీ కన్నా పెద్దవి, పదేపదే ఫార్వర్డ్ అయినవి అక్కడ విడిగా చూపిస్తుంది. శుభోదయాల వీడియోలు, ఒకే క్లిప్పు నాలుగు గ్రూపుల్లో వచ్చినవి తీసేస్తే సైజు బాగా తగ్గుతుంది. ఇది బ్యాకప్ నుంచి మాత్రమే కాదు, ఫోన్ నుంచీ తీసేస్తుందని గుర్తుంచుకుని ఎంచండి.

ఇంట్లో గూగుల్ వన్ ప్లాన్ కొని ఉంటే ఇంకో సులువు ఉంది. ప్లాన్ తీసుకున్నవాళ్లు మరో ఐదుగురిని ఫ్యామిలీ గ్రూపులో చేర్చుకోవచ్చు. మీ కొత్త అకౌంటును అందులో చేర్పించుకోండి. చోటు పంచుకోవడం వేరు, అకౌంటు పంచుకోవడం వేరు. ఫ్యామిలీ గ్రూపులో ఒకరి ఫైళ్లు ఇంకొకరికి కనిపించవు, ఎవరు ఎన్ని జీబీలు వాడుతున్నారో మాత్రం తెలుస్తుంది. మీ ఇంట్లో మొదటి నుంచి జరగాల్సింది ఇదే, మిగతావాళ్లకు కూడా ఇదే మంచిది.

కొత్త అకౌంటుకు మార్చాక మొదటి బ్యాకప్ మొత్తం మళ్లీ ఎక్కాలి, 8 జీబీకి గంటలు పట్టవచ్చు. రాత్రి ఛార్జింగ్‌లో వదిలేయండి. ఆ తర్వాతివి కొత్తగా చేరినంత మేరకే ఎక్కుతాయి. Chat backup పేజీలో కొత్త ఈమెయిల్, కొత్త తేదీ, On అన్న మాట, మూడూ కనిపించాక పాతదాని పని పట్టండి. అకౌంటు మార్చినంత మాత్రాన ఉమ్మడి డ్రైవ్‌లో ఉన్న పాత బ్యాకప్ పోదు, అక్కడే ఉండిపోతుంది. లాప్‌టాప్‌లో ఉమ్మడి అకౌంటుతో drive.google.com తెరిచి, ఎడమవైపు Storage, ఆపైన కుడిమూల Backups నొక్కండి. వాట్సాప్ బ్యాకప్‌ను ఎంచుకుని తీసేయండి. ఒక జాగ్రత్త: ఇంట్లో మిగతావాళ్ల వాట్సాప్ బ్యాకప్‌లు కూడా అదే అకౌంటులో ఉండవచ్చు. బ్యాకప్ ఒక్కో ఫోన్ నంబరుకు విడిగా ఉంటుంది. ఏది మీదో తేల్చుకోలేకపోతే, తేదీ, సైజు చూసి పోల్చుకోండి. డ్రైవ్ సెట్టింగ్స్‌లో Manage apps అనే చోట వాట్సాప్ డేటా మొత్తాన్ని ఒకేసారి తుడిచే దారి ఒకటి ఉంది, అకౌంటు ఉమ్మడిది కాబట్టి దాని జోలికి వెళ్లకండి.

ఇంకొక్క తలుపు మిగిలింది. వాట్సాప్‌లో Settings → Account → Two-step verification ఆన్ చేసి 6 అంకెల పిన్ పెట్టండి. అప్పుడు ఎస్సెమ్మెస్ కోడ్ ఎవరి చేతికైనా చిక్కినా, ఆ పిన్ లేకుండా మీ నంబరును వేరే ఫోన్‌లో వెంటనే నడపలేరు. ఇది బ్యాకప్ పాస్‌వర్డ్ కాదు, రెండూ వేర్వేరు. పిన్ పెట్టేటప్పుడు ఈమెయిల్ అడుగుతుంది. అక్కడ కొత్త అకౌంటు ఇవ్వాలి. పాత ఉమ్మడి ఈమెయిల్ ఇస్తే, పిన్ మరిచిపోయానని నొక్కినవాళ్లకు దాన్ని తీసేసే లింకు ఆ ఉమ్మడి ఇన్‌బాక్స్‌లోకే వస్తుంది. ఇప్పటికే పిన్ పెట్టుకుని ఉంటే, అప్పట్లో ఏ ఈమెయిల్ ఇచ్చారో అదే పేజీలో చూసి మార్చండి. లాక్ పడిన తెరమీద ఎస్సెమ్మెస్‌లు కనిపించకుండా ఫోన్ నోటిఫికేషన్ సెట్టింగ్స్‌లో ఆపడం కూడా ఇప్పుడే చేసేయండి.

మీ చెల్లెలి ఫోన్ సంగతి కూడా ఆలోచించాలి. మీ ఇద్దరి మాటలు ఆమె బ్యాకప్‌లోనూ ఉంటాయి. ఆమెది తెరిచి ఉంటే మీ తాళం సగమే. ఆమెది ఐఫోన్ అయితే ఇంకో మెలిక ఉంది. వాట్సాప్ చేసే ఐక్లౌడ్ బ్యాకప్‌కు పాస్‌వర్డ్ పెట్టినా, మొత్తం ఫోన్‌ను యాపిల్ విడిగా బ్యాకప్ చేస్తుంటే, అందులో వాట్సాప్ మెసేజీల ఇంకో ప్రతి ఈ పాస్‌వర్డ్ లేకుండానే చేరుతుంది. ఐఫోన్ సెట్టింగ్స్‌లో పైన పేరు నొక్కి, iCloud → Storage → Backups లోకి వెళ్లి, ఆ ఫోన్‌ను ఎంచుకుంటే యాప్‌ల జాబితా వస్తుంది. అందులో WhatsApp ఆపేసి, అప్పటికే ఎక్కినదాన్ని తీసేయమని ఒప్పుకోవాలి. వాట్సాప్ సొంత బ్యాకప్ విడిగా నడుస్తూనే ఉంటుంది కాబట్టి నష్టమేమీ లేదు. ఐఫోన్ వాట్సాప్‌లో Settings → Chats లో Save to Photos కూడా ఆపితే బొమ్మలు ఐక్లౌడ్ ఫోటోల్లోకి వెళ్లవు. ఒకే యాపిల్ అకౌంటును ఇద్దరు ముగ్గురు వాడుతుంటే, యాపిల్ ఇచ్చే అడ్వాన్స్‌డ్ డేటా ప్రొటెక్షన్ ఆన్ చేసినా ఈ సమస్య తీరదు. అది అకౌంటు బయటివాళ్ల నుంచి కాపాడుతుంది, అకౌంటులోనే ఉన్నవాళ్ల నుంచి కాదు. ఆమె వాట్సాప్ బ్యాకప్‌కు కూడా విడి పాస్‌వర్డే పెట్టించండి.